నెలకు ఇన్నే పంపాలన్న ఈ-సంతకం ప్లాన్‌ను చిన్న వ్యాపారి లెక్క చూసుకునే పద్ధతి

ఆన్‌లైన్‌లో సంతకాలు తీసుకునే సేవకు చందా కట్టబోయే వ్యాపారి ముందుగా ధర చూస్తారు, ఆ తరువాత నెలకు ఎన్ని పత్రాలు పంపవచ్చో చూస్తారు, తమకు నెలకు ఇరవై మంది ఖాతాదారులు ఉన్నారు కాబట్టి ఇరవై అయిదు పత్రాల ప్లాన్ సరిపోతుందని అనుకుని డబ్బు కడతారు. నెలలో పద్దెనిమిదో తేదీకల్లా కోటా అయిపోయిందన్న సందేశం వచ్చినప్పుడు, తాము లెక్కించినదీ కంపెనీ లెక్కించినదీ ఒకటి కాదని తెలుస్తుంది. ఆ రెండు లెక్కలనూ చందా కట్టకముందే ఒకటి చేసుకోవడం ఎలాగో, ఆ పనిలో టెంప్లేట్లూ రిమైండర్లూ ఎంతవరకు అక్కరకు వస్తాయో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణకు, నేను జమాఖర్చులు చూసే ఒక క్యాటరింగ్ వ్యాపారాన్ని తీసుకుంటున్నాను. గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వంటలు చేసే సంస్థ అది. పత్రాలు పంపే పనంతా మొదట్లో యజమాని ఒక్కరే చూసుకునేవారు. అంకెలను కొద్దిగా గుండ్రం చేశాను గానీ వాటి పోకడ మార్చలేదు. ముహూర్తాలను బట్టి నడిచే వ్యాపారం కాబట్టి నెలవారీ పరిమితి అనేది దానికి ఎక్కడ ఇబ్బంది పెడుతుందో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి పని: ప్లాన్ దేనిని ఒకటిగా లెక్కిస్తుందో తెలుసుకోవడం

చాలా సేవలు పత్రాన్ని గాని, సంతకాన్ని గాని లెక్కించవు, పంపకాన్ని లెక్కిస్తాయి. ఒకసారి పంపే కట్టను ఎన్వలప్ అంటారు. మన పోస్టు కవరు లాంటిదే అనుకోండి. అందులో ఒక కాగితం పెట్టినా, నాలుగు కాగితాలు పెట్టినా, దాని మీద ఒకరు సంతకం చేసినా, పెళ్లికూతురి తండ్రీ పెళ్లికొడుకు మేనమామా ఇద్దరూ చేసినా, సాధారణంగా అది ఒక్క ఎన్వలప్ కిందనే లెక్కకు వస్తుంది. కొన్ని సేవలు దీనినే డాక్యుమెంట్ అనీ, సిగ్నేచర్ రిక్వెస్ట్ అనీ పిలుస్తాయి. పేరు ఏదైనా, ప్లాన్ వివరాల్లో దాని నిర్వచనం ఒక వాక్యంలో ఉంటుంది. ధర కంటే ముందు ఆ వాక్యం చదవాలి.

పంపే బటన్ నొక్కిన క్షణంలో కోటాలో ఒకటి తగ్గుతుంది. అవతలివారు సంతకం చేశారా, తిరస్కరించారా, అసలు తెరిచి చూశారా అన్నదానితో ఆ లెక్కకు సంబంధం లేదు. డ్రాఫ్టుగా దాచినది లెక్కకు రాదు. పంపిన తరువాత పొరపాటు గమనించి మీరే రద్దు చేసినది మాత్రం లెక్కలో ఉండిపోతుంది, గడువు తీరి చెల్లకుండా పోయినదీ ఉండిపోతుంది. ఒకే పత్రాన్ని ముప్ఫై మందికి ఒకేసారి పంపే బల్క్ పద్ధతి వాడితే అది ఒకటి కాదు, ముప్ఫై. ఖాతాదారు మీ లింక్ తెరిచి తానే నింపి సంతకం చేసే ఫారాలు ఉన్న చోట, నింపిన ప్రతి ఫారమూ ఒకటిగా లెక్కకు వస్తుంది. మీరొక్కరే సంతకం చేసుకునే పత్రం విషయంలో సేవకో తీరు ఉంటుంది, కాబట్టి అది అడిగి తెలుసుకోవలసిందే.

ఇంకా రెండు సంగతులు చూడాలి. నెల అంటే ఒకటో తేదీ నుంచి ముప్ఫైయో తేదీ వరకు కాకపోవచ్చు. మీరు చందా కట్టిన తేదీ నుంచి మొదలయ్యే నెల కావచ్చు. ఒక నెలలో మిగిలినవి సాధారణంగా తరువాతి నెలకు చేరవు. అయితే కొన్ని ప్లాన్లలో పరిమితి ఏడాదికి ఉంటుంది. ఉదాహరణకు డాక్యుసైన్ పర్సనల్ ప్లాన్ నెలకు 5 ఎన్వలప్‌లు ఇస్తుంది, దాని పైనున్న స్టాండర్డ్ ప్లాన్‌ను ఏడాది చందాగా తీసుకుంటే ఒక్కో యూజర్‌కు ఏడాదికి 100 ఇస్తుంది. ఈ అంకెలను కంపెనీలు మారుస్తూనే ఉంటాయి కాబట్టి కట్టే రోజున మళ్లీ చూసుకోవాలి; కానీ నెల పరిమితికీ ఏడాది పరిమితికీ ఉన్న తేడా ఎంత పెద్దదో కొద్దిసేపట్లో తెలుస్తుంది.

రెండో పని: గడచిన నెల పంపకాలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవడం

క్యాటరింగ్ యజమాని తనకు నెలకు తొమ్మిది బుకింగులు వస్తాయి కాబట్టి పదో పన్నెండో పంపకాలు చాలునని నాతో అన్నారు. ఫోన్‌లో ఉన్న వాట్సాప్ సంభాషణలూ, మెయిల్‌లో ‘పంపినవి’ అన్న పెట్టె తెరిచి, ఒక మామూలు నెలలో సంతకం కోసం, లేదా సమ్మతి కోసం ఆయన పంపిన ప్రతి కాగితాన్నీ ఒక పుస్తకంలో గీతలు గీస్తూ లెక్కపెట్టాము. ఆ నెలలో కొత్త బుకింగులు తొమ్మిది, జరిగిన శుభకార్యాలు ఎనిమిది.

ఒక్కో బుకింగుకు ఆయన మూడు కాగితాలు వేర్వేరుగా పంపుతున్నారు: ధరతో కూడిన ఒప్పందం, మెనూ, అడ్వాన్సు షరతులు. అవే ఇరవై ఏడు. ప్రతి కార్యానికీ నాలుగైదు రోజుల ముందు ఎన్ని ప్లేట్లు అన్నది ఖాయం చేసుకునే కాగితం ఒకటి, అవి ఎనిమిది. పూర్ణాల బదులు బొబ్బట్లు, పెరుగువడ బదులు దహీపూరీ అంటూ మెనూ మార్చినప్పుడల్లా పంపినవి పది. వంట మేస్త్రితోను, వడ్డన కుర్రాళ్లను పంపే కాంట్రాక్టరుతోను రాసుకున్నవి నాలుగు. తేదీ తప్పు పడిందని, మెయిల్ చిరునామాలో ఒక అక్షరం పోయిందని, ఖాతాదారు ‘రాలేదండీ’ అన్నారని మళ్లీ పంపినవి ఎనిమిది. మొత్తం యాభై ఏడు.

చాలామంది చూడకుండా వదిలేసేది ఈ చివరి వరస. ఏడింట ఒకటి దండగ పంపకం. ఇది తగ్గించకుండా పెద్ద ప్లాన్ కొనడమంటే చిల్లుకుండకు పెద్ద చెంబు వెతుక్కోవడమే. మీ వ్యాపారం ఏదైనా, కొత్తవి, మార్పులు, మళ్లీ పంపినవి అని మూడు వరసలుగా విడగొట్టి కనీసం ఒక మామూలు నెల, ఒక రద్దీ నెల లెక్క రాయండి. ప్లాన్ పేజీ తెరవడం ఆ తరువాతి పని.

మూడో పని: కాగితాలను కవర్లలో సర్దుకోవడం

కవరును లెక్కిస్తారు, అందులోని కాగితాలను కాదు అని తెలిశాక మొదటి ఆదా సులువుగా వస్తుంది. ఒప్పందం, మెనూ, అడ్వాన్సు షరతులు మూడూ ఒకే రోజున ఒకే వ్యక్తికి వెళ్లేవే కాబట్టి వాటిని ఒకే ఎన్వలప్‌లో పెట్టాము. ఇరవై ఏడు కాస్తా తొమ్మిదయ్యాయి. ఖాతాదారుకు కూడా మూడు లింకులు తెరిచే బెడద తప్పింది.

మెనూ మార్పుల విషయంలో ఆలోచించవలసి వచ్చింది. ప్రతి చిన్న మార్పుకూ సంతకం అవసరమా అని అడిగితే యజమాని ఒప్పుకోలేదు, ఎందుకంటే పెళ్లివారి తరఫున ముగ్గురు ముగ్గురు ఫోన్ చేసి మూడు రకాలుగా చెప్పిన అనుభవం ఆయనకు ఉంది. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ప్లేటు ధరను మార్చని మార్పులన్నీ వాట్సాప్‌లో రాసి ఉంచుకుని, చివరి ప్లేట్ల కాగితంలో తుది మెనూను కూడా చేర్చి ఒకేసారి సంతకం తీసుకుంటారు. ధర మారితే మాత్రం విడిగా మార్పు పత్రం పంపుతారు. అవి నెలకు రెండుకు మించలేదు. మేస్త్రీ ఒప్పందాన్ని కార్యానికొకటిగా కాక, సీజను మొత్తానికి ఒకటిగా రాసుకుని, తేదీల పట్టిక జత చేశారు.

కలపకూడనివీ ఉన్నాయి. ఒకే ఎన్వలప్‌లో ఉన్న కాగితాలను సాధారణంగా అందులోని అందరూ చూడగలరు, వేర్వేరు మనుషులకు వేర్వేరు కాగితాలు మాత్రమే కనిపించేలా చేసే వీలు అన్ని ప్లాన్లలోనూ ఉండదు. మేస్త్రికి ఇచ్చే కూలి రేటున్న కాగితం పెళ్లివారి కవరులో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అలాగే, ఇవాళ ఖాయమయ్యే ఒప్పందాన్ని, నెల తరువాత గాని తేలని ప్లేట్ల లెక్కను ఒకే కవరులో పెడితే రెండూ తేలకుండా ఉండిపోతాయి, ఎందుకంటే అందులోని సంతకాలన్నీ పడితేనే ఎన్వలప్ పూర్తవుతుంది.

నాలుగో పని: టెంప్లేట్లు తయారు చేయడం

టెంప్లేట్ అంటే కాగితం నమూనా మాత్రమే కాదు. ఎవరు సంతకం చేయాలి, ఏ వరసలో చేయాలి, సంతకం పెట్టె ఏ పేజీలో ఎక్కడ ఉండాలి, ఏ ఖాళీలు మీరు నింపాలి, ఏవి ఖాతాదారు నింపాలి, రిమైండర్ ఎప్పుడు వెళ్లాలి అన్నవన్నీ కలిపి దాచిన అచ్చు అది. టెంప్లేట్ దాచుకుంటే కోటా తగ్గదు. దాని నుంచి పంపినప్పుడే తగ్గుతుంది. కాకపోతే చిన్న ప్లాన్లలో ఎన్ని టెంప్లేట్లు దాచవచ్చో వేరే పరిమితి ఉండవచ్చు, కొన్నిటిలో అసలు టెంప్లేట్లే ఉండకపోవచ్చు. దీనిని పత్రాల పరిమితితో సమానంగా చూడాలి, ఎందుకంటే దండగ పంపకాలను అరికట్టేది టెంప్లేటే.

క్యాటరింగ్ సంస్థకు మూడు సరిపోయాయి: బుకింగ్, తుది ప్లేట్లు, ధర మార్పు. పెళ్లికొకటి, గృహప్రవేశానికొకటి, పుట్టినరోజుకొకటి అని విడదీయవద్దని నా అభిప్రాయం. ధర షరతు మారిన రోజున తొమ్మిది టెంప్లేట్లు దిద్దాలి, ఎనిమిది దిద్ది ఒకటి మరచిపోతాము, ఆ ఒక్కటే ఆ వారం బయటికి వెళుతుంది.

బుకింగ్ టెంప్లేట్‌ను ఇలా తయారు చేశాము. మొదట వర్డ్‌లో ఒప్పందం రాసి, మారే చోట్లను గుర్తించాము: ఖాతాదారు పేరు, కార్యం తేదీ, వేదిక, ప్లేట్ల సంఖ్య, ప్లేటు ధర, అడ్వాన్సు. ఈ ఆరూ పంపేవారు ముందే నింపే ఖాళీలు; వాటిని తప్పనిసరి అని గుర్తు పెట్టాము, అవి నింపనిదే పంపడం కుదరదు. వాటిని ఖాతాదారు మార్చలేకుండా తాళం కూడా వేశాము. ఖాతాదారు పెట్టవలసినవి సంతకం, తేదీ రెండే. తేదీని వారు టైపు చేసే పెట్టెగా కాక, సంతకం పెట్టిన రోజు దానంతటదే పడే పెట్టెగా ఎంచుకున్నాము.

సంతకం చేసేవారి చోట మనిషి పేరు కాకుండా పాత్ర పేరు రాయాలి: ‘ఖాతాదారు’, ‘యజమాని’. పంపేటప్పుడు ఆ పాత్రకు ఎదురుగా పేరు, మెయిల్ లేదా ఫోన్ నంబరు వేస్తారు. పాత పత్రాన్ని కాపీ చేసి పేరు మార్చి పంపే అలవాటు ఉన్నవారు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. పైన పేరు మారుస్తారు, లోపల నాలుగో పేజీలో పాత ఖాతాదారు పేరు అలాగే ఉండిపోతుంది.

తెలుగు ఒప్పందాలకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేయించిన వర్డ్ ఫైలును నేరుగా ఎక్కిస్తే, అవతల ఆ ఫాంటు ఉండదు కాబట్టి అక్షరాల స్థానంలో అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఫాంటు పొదిగిన పీడీఎఫ్‌గా మార్చి ఎక్కించాలి, లేదా యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించాలి. ఇక పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా ఉన్నా, మనం నింపే ఖాళీలలో టైపు చేసిన తెలుగు కొన్ని సేవల్లో గడులుగానో, ఒత్తులు విడిపోయో పడుతుంది. అందుకే తెలుగు వాక్యాలన్నీ కాగితంలోనే ఉంచి, ఖాళీలలో అంకెలు, తేదీలు, ఇంగ్లిషులో పేరు మాత్రం వేసేలా మేము పెట్టుకున్నాము.

టెంప్లేట్ సరిగా ఉందో లేదో చూడడానికి తనకు తానే పంపి చూసుకోవడం అందరూ చేసే పని. కానీ ఆ పంపకం కూడా కోటాలో పడుతుంది. ఇరవై అయిదులో అయిదు పరీక్షలకే పోయిన నెల మాకూ ఉంది. ముందు ప్రివ్యూలో చూడాలి, నిజంగా పంపి చూడవలసి వస్తే ఉచిత ట్రయల్ రోజుల్లోనే ఆ పని ముగించాలి.

తరువాత ఎప్పుడైనా ఒప్పందంలో ఒక పేరా చేర్చి ఫైలును మార్చినప్పుడు, సంతకం పెట్టె పేజీ మీద ఉన్న చోటనే ఉండిపోతుంది, అక్షరాలు మాత్రం కిందికి జరుగుతాయి. దానితో సంతకం వచ్చి రద్దు షరతు మీద పడుతుంది. ఫైలు మార్చిన ప్రతిసారీ చివరి పేజీ వరకు తిప్పి చూడాలి, పేజీ అడుగున ‘బుకింగ్ ఒప్పందం, కూర్పు 3’ అని వేసుకోవాలి. పాత కూర్పుతో ముందే పంపినవి టెంప్లేట్ దిద్దినంత మాత్రాన మారవని కూడా గుర్తుంచుకోవాలి.

పంపిన తరువాత తప్పు కనిపిస్తే వెంటనే రద్దు చేయకండి. చాలా సేవల్లో, ఇంకా సంతకం పడని ఎన్వలప్‌ను దిద్దే వీలుంటుంది. డాక్యుసైన్‌లో ఆ బటన్ పేరు `Correct`. మెయిల్ చిరునామా తప్పయినా, ధర అంకె తప్పయినా అక్కడే సరిచేసి మళ్లీ పంపవచ్చు, కొత్తది లెక్కకు రాదు. `Void` నొక్కి మొదటినుంచి పంపితే రెండు పోతాయి. ఖాతాదారు ‘రాలేదండీ’ అంటే కూడా కొత్త ఎన్వలప్ అక్కర్లేదు, `Resend` చాలు.

అయిదో పని: రిమైండర్లు, గడువు కలిపి చూసుకోవడం

రిమైండర్‌కు కోటాలో లెక్క లేదు. అది పాత పంపకాన్ని గుర్తు చేసే సందేశం మాత్రమే. దానిలో మూడు అంకెలు ఉంటాయి: పంపిన ఎన్ని రోజులకు మొదటిది వెళ్లాలి, తరువాత ఎన్ని రోజులకొకసారి వెళ్లాలి, ఎన్ని రోజులకు పత్రం గడువు తీరాలి. మొదటి రెండింటి గురించి అందరూ ఆలోచిస్తారు, మూడోదాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తారు. డాక్యుసైన్‌లో మనం ఏమీ మార్చకపోతే గడువు 120 రోజులు.

ఆ 120 రోజులు ఎంత ఖరీదైనవో మాకు ఒకసారి తెలిసివచ్చింది. ఆరు వందల ప్లేట్ల పెళ్లికి ప్లేటు మూడు వందల యాభై చొప్పున పంపిన ఒప్పందం సంతకం పడక అలాగే ఉండిపోయింది, యజమాని ఆ బేరం పోయిందనుకుని మరచిపోయారు. యాభై రోజుల తరువాత పెళ్లికూతురి తండ్రిగారు ఆ లింక్ తెరిచి సంతకం చేశారు. ఈలోగా నూనె, పప్పుల ధరలు పెరిగి మా రేటు మూడు వందల ఎనభై అయింది. ప్రతిపాదనకు గడువు పెట్టి ఉంటే ఆ గడువుతో అది ముగిసిపోతుందని భారత కాంట్రాక్టు చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. మేము పెట్టలేదు. ఆయన తప్పు ఏమీ లేదు, పాత రేటుకే వండాము, పద్దెనిమిది వేలు తగ్గింది.

గడువును మరీ కురచగా పెడితే వేరే నష్టం. మూడు రోజులకే గడువు తీరితే, ఊరెళ్లిన ఖాతాదారుకు మళ్లీ కొత్తగా పంపాలి, కోటాలో ఇంకొకటి పోతుంది. అందుకని పత్రాన్ని బట్టి గడువు వేరుగా ఉండాలి. బుకింగ్ ఒప్పందానికి మేము పది రోజులు పెట్టాము, రిమైండర్ రెండో రోజున మొదలై మూడు రోజులకొకసారి వెళుతుంది. ఒప్పందం లోపల కూడా ‘ఈ ధర పది రోజులు మాత్రమే’ అన్న వాక్యం చేర్చాము, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ గడువు ఒకటి, కాగితంలో మాట ఒకటి అయితే వాదనకు తావుంటుంది. తుది ప్లేట్ల కాగితం కార్యానికి అయిదు రోజుల ముందు వెళుతుంది, మరునాడు ఒక రిమైండర్, ఆ మరునాడు ఇంకొకటి, రెండున్నర రోజుల్లో గడువు తీరుతుంది. రోజుల్లోనే గడువు పెట్టనిచ్చే సేవలో మూడు రోజులు పెట్టుకోవచ్చు. కూరగాయల ఆర్డరు మూడో రోజు సాయంత్రం వెళ్లాలి కాబట్టి అంతకు మించి ఆగలేము. ఆలోగా సంతకం పడకపోతే బుకింగులో రాసిన సంఖ్యే ఖాయమన్న షరతు ఒప్పందంలోనే ఉంది, కాబట్టి మళ్లీ పంపవలసిన పని ఉండదు.

రిమైండర్ పెట్టినా పని జరగకపోవడానికి నేను చూసిన కారణాలు ప్రధానంగా రెండు. సంతకాల వరస పెట్టి ఉంటే, ఎవరి వంతు వచ్చిందో వారికే రిమైండర్ వెళుతుంది. ఇద్దరు వియ్యంకులు ఖర్చు పంచుకున్న ఒక పెళ్లిలో మొదటివారు ఫోన్ మార్చడంతో మెయిల్ చూడలేదు, రెండోవారికి అసలు పత్రమే అందలేదు, ఆయన మాత్రం మేము పంపలేదని కోపగించుకున్నారు. ఎవరు ముందు చేసినా తేడా లేని చోట వరస పెట్టకూడదు. అందరికీ ఒకేసారి వెళ్లనివ్వాలి. రెండో కారణం మన అలవాటు. చాలా కుటుంబాల్లో మెయిల్ అనేది ఫోన్ కొన్న రోజున తెరిచినదే గాని, రోజూ చూసేది కాదు. ఎన్ని రిమైండర్లు వెళ్లినా ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడి ఉంటాయి. ఎస్ఎంఎస్ ద్వారా గాని, వాట్సాప్ ద్వారా గాని లింక్ పంపే వీలుందా, దానికి వేరే ఛార్జీ ఎంత అని ప్లాన్ తీసుకునే ముందే అడగండి. ఆ వీలు లేకపోతే, మెయిల్ పంపిన వెంటనే ‘మీ మెయిల్‌కు ఒప్పందం వచ్చింది, ఫలానా పేరుతో ఉంటుంది చూడండి’ అని వాట్సాప్‌లో ఒక మాట రాస్తే, నాలుగు రిమైండర్లు చేయని పని అది చేస్తుంది.

పత్రం తెరిచారా లేదా అన్నది డ్యాష్‌బోర్డులో కనిపిస్తుంది. తెరవనివారికి కావలసినది రిమైండర్. తెరిచి మూడు రోజులుగా సంతకం చేయనివారికి కావలసినది ఫోన్. వారికి ఏదో షరతు నచ్చలేదు.

ఆరో పని: ఇప్పుడు ప్లాన్ ఎంచుకోవడం

సర్దుబాటు తరువాత అదే మామూలు నెల లెక్క ఇలా వచ్చింది: బుకింగులు తొమ్మిది, తుది ప్లేట్లు ఎనిమిది, ధర మార్పులు రెండు, మేస్త్రీ ఒప్పందం ఒకటి, దండగ రెండు. యాభై ఏడు ఇరవై రెండుకు దిగింది. ఇరవై అయిదు పత్రాల ప్లాన్ చాలునని అనిపిస్తుంది గానీ, ఏడాది మొత్తం చూస్తే చాలదు.

మాఘం, వైశాఖం, శ్రావణం, కార్తీకం వంటి ముహూర్తాల నెలలు నాలుగింటిలో పంపకాలు ముప్ఫై ఏడు దాకా వెళుతున్నాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మూడింటిలో పదికి మించవు. మిగిలిన అయిదు నెలలూ ఇరవై రెండు చొప్పున వేసుకుంటే ఏడాదికి రెండు వందల ఎనభై ఎనిమిది. మూఢం వచ్చిన ఏడు ఈ నెలలు అటూ ఇటూ జరుగుతాయి గానీ తీరు ఇదే.

నెలకు ఇరవై అయిదు చొప్పున ఏడాదికి మూడు వందలు. అంటే మొత్తంగా చూస్తే ప్లాన్ సరిపోతుంది. కానీ నెలవారీగా చూస్తే, రద్దీ నెల ఒక్కొక్కదానిలో పన్నెండు చొప్పున నలభై ఎనిమిది పంపకాలు ఆగిపోతాయి, అదే సమయంలో మిగతా నెలల్లో అరవై పంపకాలు వాడకుండానే మురిగిపోతాయి. ఏడాదికి మూడు వందలు ఒకే కుండలో పోసి ఇచ్చే ప్లాన్ అయితే అదే సంఖ్యకు అన్నీ సరిపోయి పన్నెండు మిగులుతాయి. ముహూర్తాలు, పంటలు, స్కూలు అడ్మిషన్లు, పండుగల మీద నడిచే ఏ వ్యాపారమైనా ముందుగా ఏడాది పరిమితి ఉన్న ప్లాన్ వెతకాలని నేను చెప్పేది ఇందుకే. నెలనెలా ఒకే తీరుగా సాగే వ్యాపారానికి, ఉదాహరణకు హాస్టలు అద్దె పత్రాలకు, నెల పరిమితి బాగానే సరిపోతుంది.

ఏడాది పరిమితికీ ఒక లోపం ఉంది. పన్నెండు మాత్రమే మిగిలితే, బేరాలు కాస్త పెరిగినా ఏడాది ముగియకముందే కోటా అయిపోతుంది. కోటా దాటినప్పుడు ఏం జరుగుతుందో సేవను బట్టి మారుతుంది: కొన్ని పంపడం ఆపేస్తాయి, కొన్ని ఒక్కోదానికి అదనంగా వసూలు చేస్తాయి, కొన్ని పై ప్లాన్‌కు మారమంటాయి. నెల పరిమితి ప్లాన్‌లో అదనపు రేటు ఉంటే దానిని నలభై ఎనిమిదితో గుణించి, పరిమితి లేని ప్లాన్‌కు ఏడాదికి అయ్యే అదనపు ఖర్చుతో పోల్చండి. ఈ ఒక్క గుణకారంతో చాలా సందేహాలు తీరుతాయి. పరిమితి లేదన్న ప్లాన్లలో కూడా న్యాయమైన వాడకం అన్న షరతు ఉంటుంది గానీ, మన స్థాయి వ్యాపారం దాని దరిదాపులకు పోదు.

ఇద్దరు ముగ్గురు పంపేవారున్నప్పుడు కోటా ఒక్కొక్కరికీ వేరా, అందరికీ కలిపా అన్నది అడగాలి. ఒకే లాగిన్‌ను అందరూ వాడుకుంటే డబ్బు మిగలవచ్చు, కానీ ఎవరు పంపారో రికార్డులో తేలదు, పైగా చాలా సేవల షరతులకు అది విరుద్ధం.

ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సంతకం లెక్క వేరు. దానికి సంతకానికి ఇంత అని విడిగా క్రెడిట్లు కొనాలి, సంతకం చేసేవారి ఫోన్ నంబరు ఆధార్‌తో జతపడి ఉండాలి. సమాచార సాంకేతిక చట్టం, 2000 రెండో షెడ్యూలులో గుర్తించిన పద్ధతి అది కాబట్టి దాని బలం ఎక్కువ. అదే చట్టం 10ఎ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. కాబట్టి మామూలు ప్లేట్ల కాగితానికి ఆధార్ సంతకం అక్కర్లేదని, పెద్ద మొత్తపు బుకింగులకు మాత్రమే వాడదామని మేము నిర్ణయించుకున్నాము. వీలునామా, ట్రస్టు పత్రం ఈ దారిలో కుదరవు, పవర్ ఆఫ్ అటార్నీ, ప్రామిసరీ నోటు కొన్ని మినహాయింపులకు లోబడి మాత్రమే కుదురుతాయి. స్టాంపు డ్యూటీ కట్టవలసిన పత్రానికి, ఆన్‌లైన్‌లో సంతకం చేసినంత మాత్రాన అది తప్పదు.

ఏడో పని: పూర్తయిన పత్రాలను బయటికి తీసి దాచుకోవడం

చందా ఆగిపోయిన తరువాత పాత పత్రాలు ఎన్నాళ్లు అందుబాటులో ఉంటాయో సేవకొక నియమం. అందుకని నెలకొకసారి, కోటా కొత్తగా మొదలయ్యే రోజునే, పూర్తయినవన్నీ దించుకోవడం అలవాటు చేశాము. ఒప్పందంతో పాటు, సంతకాలు పూర్తయినట్టు సేవ ఇచ్చే ధ్రువపత్రాన్ని కూడా దించాలి. ఎవరు ఏ సమయంలో తెరిచారు, ఏ ఐపీ చిరునామా నుంచి సంతకం చేశారు అన్నవి అందులో ఉంటాయి. వివాదం కోర్టుకు వెళితే, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అప్పుడు ఈ వివరాలు అక్కరకు వస్తాయి. దించిన పీడీఎఫ్‌ను ప్రింటు తీసి స్కాన్ చేసి దాచకూడదు, అలా చేస్తే లోపలున్న డిజిటల్ ముద్ర పోతుంది. దించినది దించినట్టే ఉంచాలి.

ఫైళ్లకు కార్యం తేదీతో మొదలయ్యే పేరు పెడతాము, `2025-08-14_booking_600.pdf` అన్న తీరులో. అదే రోజున డ్యాష్‌బోర్డులో ఆ నెల ఎన్ని పంపామో చూసి, మన పుస్తకంలోని గీతలతో సరిపోల్చి, తేడా ఉంటే ఎవరు దేనిని రెండుసార్లు పంపారో అప్పుడే వెతుకుతాము. మొన్నటి ఆషాఢంలో పది ఉండాల్సిన చోట పదమూడు కనిపించాయి. కొత్తగా చేరిన కుర్రాడు `Correct` బదులు `Void` నొక్కి మూడు ఒప్పందాలు మొదటినుంచి పంపాడు.